మధ్యలో చేరినవాళ్లు, ముందే వెళ్లినవాళ్లు: కాలం–పని లెక్క జవాబును యూనిట్లతో సరిచూసుకోవడం ఎలా?

బెంగళూరులో మారతహళ్లి చుట్టుపక్కల పీజీల్లో ఉంటూ బ్యాంకు పరీక్షలకు చదువుకునే మన తెలుగు పిల్లలకు ఆదివారాలు లెక్కలు చెబుతుంటాను. కాలం–పని లెక్కల్లో ఇద్దరో ముగ్గురో మొదటినుంచి చివరిదాకా కలిసి పనిచేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఒకరు మూడు రోజులు ఆలస్యంగా చేరారు, ఇంకొకరు రెండు రోజుల ముందే వెళ్లిపోయారు అనగానే తప్పులు మొదలవుతాయి. పైగా ప్రశ్న తయారుచేసేవాళ్లకు ఆ తప్పులన్నీ తెలుసు కాబట్టి, తప్పు దారిలో వెళితే వచ్చే అంకె కూడా ఆప్షన్లలో సిద్ధంగా ఉంటుంది. మన జవాబు అక్కడ కనిపించగానే నమ్మేస్తాం.

ఐబీపీఎస్ పీవో ప్రిలిమ్స్‌లో లెక్కల విభాగంలో 35 ప్రశ్నలకు 20 నిమిషాలు. తప్పు రాస్తే ఆ ప్రశ్నకున్న మార్కుల్లో నాలుగో వంతు కోత. కాబట్టి సరిచూసుకునే పద్ధతి అర నిమిషంలో అయిపోవాలి, తప్పును నిజంగా పట్టుకోవాలి కూడా. చేసిన సమీకరణాన్నే పైనుంచి కిందికి ఇంకోసారి చదువుకుంటే అది జరగదు. మొదటిసారి కన్ను ఎక్కడ జారిందో రెండోసారీ అక్కడే జారుతుంది.

ఒకే లెక్కను పట్టుకుని, దాని జవాబును ఎన్ని రకాలుగా సరిచూడవచ్చో, ఏ రకం ఏ తప్పును పట్టుకుంటుందో చెబుతాను.

లెక్క

ఒక ఇంటికి రంగులు వేసే పనిని ఓబులేసు ఒక్కడే అయితే 24 రోజుల్లో, మద్దిలేటి 36 రోజుల్లో, చాంద్‌బాషా 18 రోజుల్లో పూర్తిచేస్తారు. ఓబులేసు, మద్దిలేటి పని మొదలుపెట్టారు. 3 రోజుల తర్వాత చాంద్‌బాషా వాళ్లతో కలిశాడు. పని పూర్తవడానికి 2 రోజుల ముందు ఓబులేసు ఊరికి వెళ్లిపోయాడు. మొత్తం పని ఎన్ని రోజుల్లో పూర్తయింది?

24, 36, 18ల క.సా.గు. 72. అంటే మొత్తం పని 72 యూనిట్లు అనుకుందాం. అప్పుడు రోజుకు ఓబులేసు 3, మద్దిలేటి 2, చాంద్‌బాషా 4 యూనిట్లు చేస్తారు. పని x రోజుల్లో పూర్తయిందనుకుంటే మద్దిలేటి x రోజులూ ఉన్నాడు, ఓబులేసు x – 2 రోజులు, చాంద్‌బాషా x – 3 రోజులు ఉన్నారు.

```
3(x – 2) + 2x + 4(x – 3) = 72
9x – 18 = 72
x = 10
```

జవాబు 10 రోజులు వచ్చింది. ఇప్పుడు సరిచూద్దాం.

మొదటి మెట్టు: మస్టరు రాయండి

పెయింటింగ్ మేస్త్రి దగ్గర మస్టరు పుస్తకం ఉంటుంది. ఏ రోజు ఎవరొచ్చారో అందులో గీతలు పడతాయి, శనివారం బటవాడా ఆ గీతల్ని బట్టే. మన జవాబుకు కూడా అలాంటి మస్టరు ఒకటి కావాలి. ఇక్కడ ఒక నియమం ఉంది. మస్టరు రాసేటప్పుడు మన సమీకరణం వైపు చూడకూడదు. ప్రశ్నలోని వాక్యాలు, మనకు వచ్చిన 10 అనే జవాబు, ఈ రెండే ఎదురుగా ఉండాలి. సమీకరణంలోంచి x – 2, x – 3 తీసుకుని అంకెలు వేస్తే, మన పొరపాటును మనమే ఇంకోసారి రాసుకున్నట్టు అవుతుంది.

రోజుల్ని 1 నుంచి 10 వరకు ఊహించుకోండి. ఓబులేసు 1వ రోజు వచ్చాడు. పని 10వ రోజుతో ముగిసింది, దానికి 2 రోజుల ముందు వెళ్లాడు కాబట్టి 9, 10 రోజుల్లో లేడు. అంటే 1 నుంచి 8 వరకు ఉన్నాడు. మద్దిలేటి 1 నుంచి 10 వరకు ఉన్నాడు. మొదటి 3 రోజులు గడిచాక వచ్చిన చాంద్‌బాషా 4వ రోజు నుంచి 10వ రోజు దాకా, అంటే 7 రోజులు ఉన్నాడు.

ఈ 7 దగ్గర చాలామంది తడబడతారు. 10లోంచి 4 తీసేసి 6 అంటారు. 4వ రోజునూ 10వ రోజునూ రెండింటినీ కలిపి లెక్కపెట్టాలి: 4, 5, 6, 7, 8, 9, 10. రోజుల సంఖ్యల్ని ఇలా వేళ్ల మీద లెక్కపెట్టడం చిన్నతనంగా అనిపించవచ్చు, కానీ ఈ రకం లెక్కల్లో ఒక్క రోజు తేడా తప్పులన్నీ ఇక్కడే దొరికిపోతాయి.

రెండో మెట్టు: మనిషివారీగా, దశలవారీగా

మస్టరు తయారయ్యాక యూనిట్లను రెండు దిక్కులనుంచి కూడాలి. ముందు మనిషివారీగా:

| మనిషి | ఉన్న రోజులు | రోజుకు | చేసిన పని |
|---|---|---|---|
| ఓబులేసు | 8 | 3 | 24 |
| మద్దిలేటి | 10 | 2 | 20 |
| చాంద్‌బాషా | 7 | 4 | 28 |
| మొత్తం | | | 72 |

తర్వాత దశలవారీగా. మొదటి 3 రోజులు ఓబులేసు, మద్దిలేటి మాత్రమే ఉన్నారు కాబట్టి రోజుకు 5 యూనిట్లు, అంటే 15. 4 నుంచి 8 వరకు 5 రోజులు ముగ్గురూ ఉన్నారు, రోజుకు 9, అంటే 45. చివరి 2 రోజులు మద్దిలేటి, చాంద్‌బాషా, రోజుకు 6, అంటే 12. అన్నీ కలిపితే 15 + 45 + 12 = 72.

రెండుసార్లు ఎందుకని అడగవచ్చు. మనిషివారీ కూడికలో ఎవరు ఎన్ని రోజులున్నారన్నదే కనిపిస్తుంది, ఎప్పుడున్నారన్నది కనిపించదు. దశలవారీగా రాస్తే ప్రతి రోజూ ఏదో ఒక దశలో పడాలి, దశల రోజులు కలిపితే మొత్తం రోజులు రావాలి: 3 + 5 + 2 = 10. ఎవరి రోజునైనా ఒకటి ఎక్కువో తక్కువో లెక్కపెట్టి ఉంటే రెండు మొత్తాలూ కలవవు. చాంద్‌బాషాకు 6 రోజులు వేసి ఉంటే మనిషివారీ మొత్తం 68 వచ్చేది, దశలవారీ మొత్తం మాత్రం 72 దగ్గరే ఉండేది. తేడా 4. రోజుకు 4 చేసేది చాంద్‌బాషా ఒక్కడే కాబట్టి, తప్పు అతని హాజరులో ఉందని తేడాయే చెప్పేస్తుంది.

పరీక్షలో రెండూ చేసే తీరిక లేకపోతే, మీరు లెక్క ఏ దారిలో చేశారో దానికి ఎదురు దారిలో సరిచూడండి. సమీకరణం మనిషివారీగా రాశారా, సరిచూడడం దశలవారీగా చేయండి. దశలవారీగా చేసుకుంటూ వెళ్లారా, మనిషివారీగా కూడండి.

మూడో మెట్టు: రోజువారీ రేట్లనే అనుమానించండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు. నా ఉద్దేశంలో అన్నింటికంటే ముఖ్యమైనది కూడా ఇదే. ధర్మవరం నుంచి వచ్చిన ఒకమ్మాయి ఇదే లెక్క చేసి జవాబు 9 రోజులు అంది. రఫ్ షీటు చూపించింది. మస్టరు రాసింది, మనిషివారీ కూడింది, దశలవారీ కూడింది. "రెండు దిక్కులనుంచీ 72 వచ్చింది అన్నా, ఇంకెక్కడుంది తప్పు?" అని అడిగింది.

ఆమె కాగితం మీద ఉన్నది ఇదీ. ఓబులేసు 7 రోజులు, రోజుకు 3, మొత్తం 21. మద్దిలేటి 9 రోజులు, రోజుకు 3, మొత్తం 27. చాంద్‌బాషా 6 రోజులు, రోజుకు 4, మొత్తం 24. కలిపితే సరిగ్గా 72. దశలవారీగా మొదటి 3 రోజులు రోజుకు 6 చొప్పున 18, తర్వాతి 4 రోజులు రోజుకు 10 చొప్పున 40, చివరి 2 రోజులు రోజుకు 7 చొప్పున 14. ఇదీ 72. మస్టరులో ఒక్క రోజు కూడా తేడా లేదు.

తప్పు మద్దిలేటి రేటులో ఉంది. 72ను 36తో భాగిస్తే 2 రావాలి. పై వరుసలో ఓబులేసుకు రాసిన 3నే కింద కూడా వేసేసింది. ఆ తప్పు రేటుతో సమీకరణం 10x = 90 అయి, x = 9 అని చక్కటి పూర్ణాంకం వచ్చింది. ఆ తప్పు రేటుతోనే సరిచూస్తే మొత్తం 72 రాక తప్పదు. యూనిట్ల కూడిక మన కూడికలు, గుణకారాలు సరిగ్గా ఉన్నాయో లేదో చెబుతుంది కానీ, ఆ కూడికలోకి వెళ్లిన రేట్లు ప్రశ్నలోవేనా అన్నది చెప్పలేదు.

దీన్ని పట్టుకోవాలంటే 3, 2, 4 అనే రేట్లను పక్కనపెట్టి, ప్రశ్నలో ఇచ్చిన 24, 36, 18 దగ్గరికే తిరిగి వెళ్లాలి. అందుకు రెండు దారులున్నాయి. మొదటిది భిన్నాల దారి. ఒక మనిషి ఉన్న రోజుల్ని, అతను ఒంటరిగా చేస్తే పట్టే రోజులతో భాగిస్తే, పనిలో అతని వంతు వస్తుంది. అన్ని వంతులూ కలిపితే 1 రావాలి. 10 రోజుల జవాబుకు:

```
8/24 + 10/36 + 7/18 = 6/18 + 5/18 + 7/18 = 18/18 = 1
```

9 రోజుల జవాబుకు అయితే:

```
7/24 + 9/36 + 6/18 = 7/24 + 6/24 + 8/24 = 21/24
```

21/24 అంటే ఇంకా ఎనిమిదో వంతు గోడలు రంగు లేకుండా మిగిలిపోయాయి. జవాబు తప్పు.

భిన్నాలంటే గిట్టనివాళ్లకు రెండో దారి బాగుంటుంది: మొత్తం యూనిట్లను మార్చేయండి. 72కు బదులు 24, 36, 18 మూడింటితోనూ భాగించబడే ఇంకో సంఖ్య, ఉదాహరణకు 360 తీసుకోండి. రేట్లను మళ్లీ మొదటినుంచి లెక్కించండి: 15, 10, 20. పాత రేట్లను 5తో గుణించవద్దు, అలా చేస్తే పాత తప్పు కూడా 5 రెట్లయి వస్తుంది. ఇప్పుడు 10 రోజుల మస్టరుతో 8 × 15 = 120, 10 × 10 = 100, 7 × 20 = 140, మొత్తం 360. 9 రోజుల మస్టరుతో 105 + 90 + 120 = 315, అంటే 45 తక్కువ.

మొత్తం పని క.సా.గు.యే అయి ఉండాలని నియమం ఏమీ లేదు. క.సా.గు. తీసుకుంటే అంకెలు చిన్నగా ఉంటాయి, అంతే. సరిచూడడానికి వేరే సంఖ్య తీసుకుంటే మెదడు పాత భాగహారాల్ని గుర్తుతెచ్చుకుని రాసేయకుండా, కొత్తగా చేస్తుంది.

తేడా వస్తే దాన్ని పారేయకండి

పైన 9 రోజులకు 45 యూనిట్లు తక్కువ పడ్డాయి. ఆ 45ను చూడండి. 360 యూనిట్ల లెక్కలో ముగ్గురి రోజువారీ రేట్లు కలిపితే 15 + 10 + 20 = 45. అంటే సరిగ్గా ఒక రోజు పని తక్కువైంది. 9కి ఒక రోజు కలిపితే 10. మళ్లీ సమీకరణం రాయకుండానే సరైన జవాబు దొరికింది.

ఆప్షన్లలోంచి ఒకటి వేసి చూసేటప్పుడు కూడా ఇది పనికొస్తుంది. 72 యూనిట్ల లెక్కలో 12 రోజులు వేసి చూశారనుకోండి. ఓబులేసు 10 రోజులు, 30. మద్దిలేటి 12 రోజులు, 24. చాంద్‌బాషా 9 రోజులు, 36. మొత్తం 90, అంటే 18 ఎక్కువ. రోజుకు 9 కాబట్టి 2 రోజులు ఎక్కువ వేశాం. జవాబు 10. అన్ని ఆప్షన్లూ వేసి చూడక్కర్లేదు, ఒక్కటి చాలు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది, దాన్ని నెమ్మదిగా చూడాలి. తేడాను 9తో ఎందుకు భాగించాం? ఓబులేసు ఎప్పుడు వెళ్లాడన్నది పని చివరినుంచి చెప్పారు కాబట్టి. పని ముగిసే రోజును ఒక రోజు వెనక్కి జరిపితే, ఓబులేసు వెళ్లే రోజు కూడా ఒక రోజు వెనక్కి జరుగుతుంది. అతనికీ ఒక రోజు తగ్గుతుంది. ముగ్గురికీ ఒక్కో రోజు మారుతుంది కాబట్టి ఒక రోజు విలువ 9.

అదే ప్రశ్నలో "ఓబులేసు 8 రోజులు పనిచేసి వెళ్లిపోయాడు" అని ఉంటే కథ వేరు. జవాబు అప్పుడూ 10 రోజులే. కానీ 12 వేసి చూస్తే ఓబులేసు 8 రోజుల దగ్గరే ఉంటాడు, 24. మద్దిలేటి 24, చాంద్‌బాషా 36. మొత్తం 84, అంటే 12 ఎక్కువ. ఇప్పుడు రోజు విలువ మద్దిలేటి, చాంద్‌బాషాల 6 మాత్రమే. 12ను 6తో భాగిస్తే 2 రోజులు. ఇక్కడ అలవాటు కొద్దీ 9తో భాగిస్తే 1⅓ రోజులు వచ్చి తప్పుదారి పడతాం. అందుకని భాగించే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: పని ముగింపు ఒక రోజు జరిగితే ఎవరెవరి హాజరు మారుతుంది? వాళ్ల రేట్లు మాత్రమే కలపండి.

అలాగే, సవరించాక వచ్చిన జవాబుతో మస్టరు ఇంకోసారి వేయాలి. ఎవరి రోజులైనా సున్నా కంటే తక్కువకు పోయాయంటే, ఆ మనిషి చేరకముందే పని అయిపోయిందని అర్థం. అప్పుడు సమీకరణమే మార్చాలి.

లేని మనిషిని ఉన్నాడనుకుని చూడడం

ఇంకో దారి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. x తోనే పని లేదు. ఎవరూ ఆలస్యంగా రాలేదు, ఎవరూ ముందు వెళ్లలేదు అనుకోండి. అప్పుడు రానివాళ్లు కూడా పనిచేసినట్టే కాబట్టి, మొత్తం పని 72 కంటే ఎక్కువ అవుతుంది. ఎంత ఎక్కువ? చాంద్‌బాషా రాని 3 రోజులకు 12 యూనిట్లు, ఓబులేసు లేని 2 రోజులకు 6 యూనిట్లు. 72 + 12 + 6 = 90. ముగ్గురూ రోజుకు 9 చొప్పున 90 యూనిట్లు చేయడానికి 10 రోజులు. సమీకరణం, మస్టరు రెండింటినీ ముట్టకుండా జవాబు వచ్చింది కాబట్టి ఇది మంచి సాక్ష్యం. రేట్లు మాత్రం అవే వాడుతున్నాం, కనుక మూడో మెట్టులోని తప్పును ఇది కూడా పట్టుకోలేదు.

దీనికి ఒక హద్దు ఉంది. గైర్హాజరు ఎన్ని రోజులో ప్రశ్నలో నేరుగా తెలియాలి. "8 రోజులు పనిచేసి వెళ్లాడు" అంటే ఎన్ని రోజులు లేడో జవాబు తెలిస్తేగానీ తెలియదు. అక్కడ ఈ దారి సాగదు.

కూడిక కలిసినా జవాబు తప్పు కావచ్చు: మాటల దగ్గర ఆగండి

ఇప్పటిదాకా చెప్పినవన్నీ అంకెల తప్పుల్ని పట్టుకునేవి. ప్రశ్నను తప్పుగా అర్థం చేసుకుంటే ఇవన్నీ సరిపోతాయి, జవాబు మాత్రం తప్పే అవుతుంది. ఇంకో చిన్న లెక్కతో చూద్దాం. ఒక ఆఫీసులో ఫైళ్లను కంప్యూటర్లోకి ఎక్కించే పనిని శైలజ 20 రోజుల్లో, కవిత 30 రోజుల్లో చేస్తారు. మొత్తం 60 యూనిట్లు, రోజుకు 3, 2. ఇద్దరూ కలిసి మొదలుపెట్టారు. కవిత 3 రోజుల ముందే మానేసింది. దేనికి 3 రోజుల ముందు?

"పని పూర్తవడానికి 3 రోజుల ముందు" అంటే, నిజంగా పని ముగిసిన రోజునుంచి వెనక్కి లెక్క. 3x + 2(x – 3) = 60, x = 13⅕. శైలజ 39.6, కవిత 10.2 రోజులకు 20.4, మొత్తం 60.

"అనుకున్న గడువుకు 3 రోజుల ముందు" అంటే, ఇద్దరూ చివరిదాకా ఉంటే 12 రోజుల్లో అయ్యేది కాబట్టి, కవిత 9 రోజులు చేసి మానేసింది. అప్పటికి 45 అయింది, మిగిలిన 15ను శైలజ 5 రోజుల్లో చేసింది. మొత్తం 14 రోజులు. శైలజ 42, కవిత 18, మొత్తం 60.

రెండు జవాబులకూ యూనిట్లు 60కి సరిపోయాయి. ఏది సరైనదో కూడిక తేల్చదు. తేల్చేది ఒక్కటే: కవిత వెళ్లిన రోజుకూ పని నిజంగా ముగిసిన రోజుకూ మధ్య ఎంత దూరం ఉందో మస్టరులో చూడాలి. మొదటి జవాబులో 13⅕ నుంచి 10⅕ తీస్తే 3. రెండో దాంట్లో 14 నుంచి 9 తీస్తే 5. ప్రశ్నలో "పూర్తవడానికి 3 రోజుల ముందు" అని ఉంటే మొదటిది సరైనది. "గడువు", "అనుకున్న సమయం", "పూర్తి కావలసిన రోజు" లాంటి మాట ఉంటే రెండోది. ఇంగ్లీషులో చదువుతున్నా ఆ ఒక్క విశేషణం కోసమే వెతకండి. ఇక్కడ పూర్ణాంకం వచ్చింది కదా అని 14 వైపు మొగ్గడం, భిన్నం వచ్చింది కదా అని 13⅕ను కొట్టేయడం రెండూ ప్రమాదమే. భిన్నం వచ్చినంత మాత్రాన తప్పు కాదు. పూర్ణాంకం వచ్చినంత మాత్రాన ఒప్పు కాదని మద్దిలేటి రేటు దగ్గర చూశాం.

చేరడం విషయంలోనూ అలాంటిదే ఒకటుంది. "3 రోజుల తర్వాత చేరాడు" అంటే 3 రోజులు లేడు, 4వ రోజు నుంచి ఉన్నాడు. "3వ రోజున చేరాడు" అంటే 2 రోజులే లేడు. మన మొదటి లెక్కలో ఇలా మారిస్తే జవాబు 10 నుంచి 9⁵⁄₉కు పోతుంది, దానికీ యూనిట్లు 72కు సరిపోతాయి. అందుకే మస్టరులో రోజుల సంఖ్యతోపాటు 'ఏ రోజు నుంచి ఏ రోజు దాకా' అన్నది రాయమంటాను. 7 అని రాస్తే ప్రశ్నతో పోల్చి చూడలేం, 4–10 అని రాస్తే చూడగలం.

గుంపు లెక్కల్లో

మనుషుల పేర్లు లేకుండా గుంపులుగా ఇస్తే పద్ధతి ఇంకా తేలిక. 24 మంది ఒక పనిని 30 రోజుల్లో చేస్తారు. 12 రోజుల తర్వాత 6గురు వెళ్లిపోయారు. మొత్తం 720 పనిదినాలు. మొదటి 12 రోజుల్లో 288 అయ్యాయి, మిగిలిన 432ను 18 మంది 24 రోజుల్లో చేస్తారు. సరిచూడడానికి మనిషివారీగా వెళ్లండి: చివరిదాకా ఉన్న 18 మంది 36 రోజులు చేశారు, 648. వెళ్లిపోయిన 6గురు 12 రోజులు చేశారు, 72. కలిపితే 720.

ఇక్కడ అంకెలు తప్పే అవకాశం తక్కువ, చివరి వాక్యం దగ్గర జారే అవకాశం ఎక్కువ. మిగిలిన పనికి ఎన్ని రోజులంటే 24, మొత్తం ఎన్ని రోజులంటే 36, ఎన్ని రోజులు ఆలస్యమైందంటే 6. మూడూ ఆప్షన్లలో ఉంటాయి.

కూలి పంచమంటే

రంగుల లెక్కకు కొనసాగింపుగా, మొత్తం కూలి 18,000 రూపాయలైతే ఎవరికెంత అని అడగవచ్చు. ఇక్కడ రోజువారీ రేట్ల నిష్పత్తి 3 : 2 : 4లో పంచేస్తే 6,000, 4,000, 8,000 వస్తాయి. ఎంత నిండుగా కనిపిస్తున్నా ఇది తప్పు. ముగ్గురూ ఒకే సంఖ్యలో రోజులు పనిచేయలేదు కదా. పంచాల్సింది చేసిన యూనిట్ల నిష్పత్తిలో, అంటే 24 : 20 : 28లో. యూనిట్‌కు 18,000 ÷ 72 = 250 రూపాయలు. ఓబులేసుకు 6,000, మద్దిలేటికి 5,000, చాంద్‌బాషాకు 7,000.

ఓబులేసు కూలి రెండు దారుల్లోనూ 6,000యే వచ్చిందని గమనించారా? ప్రశ్న ఓబులేసు వాటానే అడిగితే, తప్పు దారిలో వెళ్లినా సరైన జవాబే వస్తుంది. అదే దారిని ధైర్యంగా తర్వాతి లెక్కకు వాడితే అక్కడ దొరికిపోతాం. కాబట్టి కూలి లెక్కను ఒక్కరి వాటాతో సరిచూడకండి. ప్రతి ఒక్కరి కూలిని వాళ్లు చేసిన యూనిట్లతో భాగించి చూడండి. 6,000 ÷ 24, 5,000 ÷ 20, 7,000 ÷ 28 మూడూ 250 రావాలి. తప్పు పంపకంలో మద్దిలేటికి యూనిట్‌కు 200, చాంద్‌బాషాకు దాదాపు 286 పడుతుంది. ఒకే పనికి ఇద్దరికి రెండు ధరలు పడ్డాయంటే, ఎవరో ఒకరు రాని రోజులకు కూడా కూలి రాశామన్నమాట.